లాగిన్ పేజీని పట్టి తెచ్చే మూడు మాటలు

విమానాశ్రయంలో వైఫై పేరు నొక్కగానే లాప్‌టాప్ కనెక్ట్ అయిందంటుంది గానీ ఏ సైటూ తెరుచుకోదు. రెండు మూడు సెకన్లలో మొబైల్ నంబరు అడిగే పేజీ తనంతట తానే వస్తుంది. మనం అడగని ఆ పేజీ ఎలా వచ్చిందో చూస్తే ముచ్చటేస్తుంది.

వైఫైలో చేరగానే లాప్‌టాప్‌కు ఒక ఐపీ అడ్రసు, బయటికి దారి చూపే గేట్‌వే అడ్రసు అందుతాయి. అంతవరకూ అంతా మామూలే. ఆ వెంటనే విండోస్ మనకు చెప్పకుండా ఒక చిన్న ఫైలు అడుగుతుంది:

```
http://www.msftconnecttest.com/connecttest.txt
```

అందులో ఉండేది మూడే మాటలు: Microsoft Connect Test. జవాబు ముందే తెలిసిన ప్రశ్న ఇది. అవే మాటలు తిరిగొస్తే దారి తెరిచి ఉన్నట్టు. ఇంకా లాగిన్ కాని మనిషి విషయంలో గేట్‌వే ఆ ప్రశ్నను మధ్యలోనే పట్టుకుని, ఆ సైటే మాట్లాడుతున్నట్టు "అక్కడికి వెళ్లు" అని తన లాగిన్ పేజీ చిరునామా ఇస్తుంది. రావలసిన మాటలు రాలేదని గమనించిన విండోస్ బ్రౌజర్ తెరిచి ఆ పేజీని మన ముందు పెడుతుంది.

ఆ చిరునామా మొదట్లో https కాకుండా http ఉండటంలోనే పనితనమంతా ఉంది. https సైటు తన సర్టిఫికెట్ చూపించి తానెవరో రుజువు చేసుకోవాలి. గేట్‌వే దగ్గర అది ఉండదు కాబట్టి ఆ వేషం చెల్లదు. ఇవాళ దాదాపు అన్ని సైట్లూ https కావడంతో, గేట్‌వే మాట వినిపించడానికి ఈ తాళం లేని ప్రశ్నను కావాలనే అలా ఉంచారు.

ఓటీపీ కొట్టాక గేట్‌వే గుర్తుపెట్టుకునేది సాధారణంగా మన పేరును కాదు, లాప్‌టాప్ వైఫై కార్డుకు ఉండే మ్యాక్ అడ్రసును. గోప్యత కోసం ఆ అడ్రసును మార్చే సెట్టింగు ఆన్‌లో ఉంటే, మారినప్పుడల్లా గేట్‌వేకు మనం కొత్తవాళ్లమే.

పేజీ రాకపోతే ముందు వీపీఎన్ ఆపండి. అది ప్రశ్నలన్నిటినీ తన సొరంగంలోకి లాగుతుంది, సొరంగానికేమో దారి ఇంకా తెరుచుకోలేదు. డీఎన్‌ఎస్ సర్వర్ మీరే విడిగా పెట్టుకుని ఉంటే దాన్నీ ఆటోమేటిక్‌కు మార్చండి. కొన్ని హోటళ్ల లాగిన్ పేజీ పేరు ఆ హోటల్ డీఎన్‌ఎస్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు. అప్పటికీ రాకపోతే బ్రౌజర్‌లో http://neverssl.com అని టైప్ చేయండి. ఎప్పటికీ తాళం వేయకుండా, ఇందుకోసమే నడుపుతున్న సైటది.

2020లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8910 ప్రమాణం ప్రకారం ఐపీ అడ్రసుతో పాటే లాగిన్ పేజీ వివరాన్నీ నెట్‌వర్క్ నేరుగా చెప్పొచ్చు, వేషం అక్కర్లేదు. అది అన్నిచోట్లా వచ్చేదాకా ఒక్క జాగ్రత్త: ఇలాంటి వైఫైలో మీ బ్యాంకు సైటుకు సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే "ముందుకు సాగు" నొక్కకండి, ఆ ట్యాబ్ మూసేయండి.