ప్రివ్యూలో కనబడనిది

ప్రింటింగ్ షాపులకు కస్టమైజర్లు తయారుచేయడం నా పని. కస్టమర్ ఇంట్లోనే కూర్చుని ఫొటో ఎక్కిస్తాడు, పేర్లు టైపు చేస్తాడు, అచ్చయితే ఎలా ఉంటుందో ప్రివ్యూలో చూసుకుని ఆర్డరిస్తాడు. పేజీ ఎంత అందంగా ఉందన్నది నాకు రెండో సంగతి. ఆ ప్రివ్యూ నిజం చెబుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న. చాలా షాపుల్లో అది నిజం చెప్పదు. ఎందుకో ఒక్క ఆర్డరు పట్టుకుని చూద్దాం.

షష్టిపూర్తికి అమ్మానాన్నల ఫొటో 12×18 అంగుళాల షీటు మీద కావాలి. తమ్ముడు వాట్సాప్‌లో పంపిన ఫొటోనే కొడుకు ఎక్కించాడు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది. పొడుగువైపు సుమారు 1600 పిక్సెళ్లు మిగిలాయనుకుందాం. ప్రివ్యూ గడి వెడల్పు తెరమీద 600 పిక్సెళ్లే కాబట్టి 1600 అందులో ఇమిడిపోయి, నాన్న మీసం వెంట్రుకలతో సహా స్పష్టంగా కనిపిస్తుంది. అదే 18 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 89 పిక్సెళ్లే వస్తాయి. చేతిలో పట్టుకుని చూసే అచ్చుకు 300 ఉండాలంటారు. గోడకు తగిలించేదానికి 150 అయినా చెల్లుతుంది. 89 దగ్గర ముఖాలు మసకబారతాయి. పక్కనున్న చుట్టాలు రాకుండా అమ్మానాన్నలనే దగ్గరగా జరిపి, ఫొటోలో సగం వెడల్పే వాడుకుంటే అది 44కు పడిపోతుంది. తెరమీద మాత్రం తేడా తెలియదు.

కొన్ని కస్టమైజర్లు ఫైలు లోపల రాసి ఉన్న డీపీఐ అంకెను చదివి హెచ్చరిస్తాయి. అది పనికిరాని పరీక్ష. ఆ అంకె 72 అని ఉన్నా, 300 అని ఉన్నా ఫొటోలో ఒక్క పిక్సెల్ కూడా పెరగదు, తగ్గదు. కత్తిరింపు పోగా మిగిలిన పిక్సెళ్లను అచ్చు కొలతతో భాగించాలి. కస్టమర్ ఫొటోను జరిపిన ప్రతిసారీ, పెద్దది చేసిన ప్రతిసారీ మళ్లీ లెక్కగట్టాలి. ఫలితాన్ని ‘రిజల్యూషన్ తక్కువ’ అని చెబితే ఆ కొడుకుకు ఏం అర్థమవుతుంది? ‘ఈ ఫొటో 8 అంగుళాల పొడవు వరకు బాగా వస్తుంది. పెద్దది కావాలంటే అసలు ఫొటోను డాక్యుమెంట్‌గా పంపించుకోండి’ అని రాస్తే వెంటనే తమ్ముడికి ఫోన్ చేస్తాడు. ఫోన్‌లో తీసిన అసలు ఫొటో 4000×3000 ఉంటే 18 అంగుళాలకు 222 వస్తాయి. అది చాలు. కాకపోతే ఫోన్ ఫొటో, ఈ షీటు ఒకే నిష్పత్తిలో ఉండవు. షీటు నిండా పరిస్తే 3000 ఎత్తులో 333 పిక్సెళ్లు పోతాయి. నాన్న తలపాగా పైకొస పోతుందేమో ప్రివ్యూలోనే చూపించాలి.

నన్ను ఇంకా బాధపెట్టేది తెలుగు అక్షరం. అదే షీటు కింద తల్లి పేరు ‘లక్ష్మి’ అని టైపు చేశాడు. యూనికోడ్‌లో ఆ పేరు ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వీటిని చూసి ఒత్తు ఎక్కడ పెట్టాలో, గుడి ఎక్కడ చేరాలో తేల్చే పనిని క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లలో హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్ చేస్తుంది. అందుకే ప్రివ్యూలో పేరు ముచ్చటగా ఉంటుంది. కానీ అచ్చుకు వెళ్లే పీడీఎఫ్‌ను సర్వర్‌లో వేరే ప్రోగ్రాం తయారుచేస్తుంది. దానికి ఆ పని రాకపోతే సంకేతాలను ఒకదాని పక్కన ఒకటి పేర్చేస్తుంది. కాగితం మీద ‘లక్‌ష్‌మి’ లాంటి రూపం వస్తుంది. ఇంగ్లిష్ పేర్లతో ఎంత పరీక్షించినా ఈ తప్పు బయటపడదు. అందుకే నా పరీక్ష పేర్లలో కృష్ణమూర్తి, జ్యోత్స్న, రాజ్యలక్ష్మి తప్పకుండా ఉంటాయి.

మందు ఒక్కటే. ఆర్డరు నొక్కేముందు కస్టమర్‌కు చూపే ఆఖరి బొమ్మను బ్రౌజర్ గీయకూడదు. ముందు అచ్చు పీడీఎఫ్ తయారుచేసి, దాన్నే బొమ్మగా మార్చి తెచ్చి చూపాలి. జరిపేటప్పుడు, రంగులు మార్చేటప్పుడు బ్రౌజర్ ప్రివ్యూ చాలు, అది వేగంగా ఉంటుంది. ఆఖరి ప్రూఫ్‌కు కొన్ని సెకన్లు ఆగాల్సి వస్తుంది. ఆ ఆలస్యం వల్ల ఆర్డర్లు పోతాయని షాపువాళ్లు భయపడతారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, అయినా ఒప్పుకోను. తల్లి పేరు చెడిన షీటును మళ్లీ అచ్చువేసేది వాళ్లే. ఫంక్షన్ తేదీ దాటిపోతే అలా మళ్లీ వేసినా ఉపయోగం లేదు.

కస్టమర్ ఒప్పుకున్న ఆ ప్రూఫ్‌ను ఆర్డరుతో పాటే దాచి, మెషిన్ దగ్గరున్న ఆపరేటర్‌కూ కనబడేలా పెట్టాలి. మొదటి షీటు బయటికి రాగానే రెంటినీ పక్కపక్కన పెట్టి, పేరూ ముఖాలూ సరిచూసుకున్నాకే అతను మిగతావి నడుపుతాడు.