గాజు తలుపు మీది కాగితం

మా వీధి మలుపులోని మిఠాయి దుకాణం గాజు తలుపుకు అంటించిన చేతిరాత కాగితం చదివి ముచ్చటపడ్డాను. ‘కౌంటర్‌లో సాయానికి మనిషి కావాలి. ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకు. మధ్యలో 1 నుంచి 3 ఇంటికి వెళ్లి రావచ్చు. మంగళవారం సెలవు. జీతం నెలకు 13,000. నిలబడి చేసే పని. చిల్లర లెక్క రావాలి. తూకం, బిల్లు మేం నేర్పుతాం. ఆడవాళ్లయినా, మగవాళ్లయినా సరే. మధ్యాహ్నం 3 తర్వాత వచ్చి మాట్లాడండి.’

ఆ రెండు గంటల విరామమే దగ్గరివాళ్లను పిలుస్తుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఆ సమయం ఎందుకూ పనికిరాదు. పక్క వీధి ఇల్లాలికి మాత్రం అన్నం వండుకునే వేళ. ‘నిలబడి’ అన్న మాట మోకాళ్ల నొప్పులవాళ్లకు ముందే నిజం చెబుతుంది. మూడు తర్వాత రమ్మనడంలోనూ ఆలోచన ఉంది: అప్పుడు బేరాలు పలచబడి, యజమాని తీరిగ్గా మాట్లాడగలడు.

‘ఆకర్షణీయమైన జీతం, అనుభవం తప్పనిసరి’ అని రాస్తే ఫోన్లు మోగుతాయి, అడిగేది మాత్రం జీతమెంతనే. నేర్చుకోగల చురుకైన పిల్లలేమో వెనక్కి తగ్గుతారు. దుకాణదారులారా, జీతం అంకె దాచకండి.