చిత్తు నుంచి సాఫుకు: ఓ పప్పు మిల్లు ప్రణాళిక

తాండూరు పక్కన ఓ రైతు సంఘం కందిపప్పు మిల్లు పెట్టడానికి బ్యాంకు అప్పు కోసం ప్రణాళిక రాసిందనుకుందాం. ఇలాంటి చిత్తు ఎలా ఉంటుందో వికారాబాద్ జిల్లా ఆఫీసుల్లో కాగితాలు తిరగేసినవాళ్లకు కొత్త కాదు. మొదట నల్లరేగడి గొప్పతనం, ఆపైన 2022 డిసెంబరులో తాండూరు కందికి వచ్చిన భౌగోళిక గుర్తింపు. అదే గుర్తింపు మార్కెట్ భాగంలో మరోసారి, ముగింపులో ఇంకోసారి. అప్పు ఎంత కావాలో మాత్రం చివరి పేజీల్లో ఎక్కడో ఉంటుంది.

దీన్ని కుదించడానికి కూర్చోగానే వాక్యాలు కొట్టేయకండి. ప్రతి పేరా పక్కన అది చెబుతున్నదేమిటో నాలుగు మాటల్లో రాసుకోండి. ఒకే సంగతి మూడు చోట్ల తేలితే, మూడింటిలోని కొత్త వివరాలను ఒకచోటికి చేర్చి మిగతాది తీసేయొచ్చు. తర్వాత వరస మార్చాలి. మేనేజరు ముందుగా చూసేది అప్పు ఎంత, దేనికి, ఎలా తీరుస్తారన్నది. కాబట్టి అవే మొదటి పేజీకి రావాలి. భౌగోళిక గుర్తింపుకు ధర అంచనా దగ్గర ఒక్క వాక్యం చాలు, దానికి పని ఉన్నది అక్కడే.

అసలు చిక్కు అంకెలతో. పాస్‌బుక్కులో 2.20 అంటే 2 ఎకరాల 20 గుంటలు. 40 గుంటలు ఒక ఎకరం కనుక అది రెండున్నర ఎకరాలు. కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. 2.20కి 1.30 కలిపి 3.50 అంటుంది, నిజానికి 4 ఎకరాల 10 గుంటలు. చుక్క తర్వాత 40 గానీ అంతకు మించి గానీ కనబడితే తప్పు దొరికినట్టే. కానీ అన్నిసార్లూ అలా బయటపడదు.

మన సంఘంలో 400 మంది, తలా సగటున 2 ఎకరాల 20 గుంటలు. మొత్తం 1000 ఎకరాలు. 2.20ని దశాంశంగా గుణిస్తే 880 వస్తుంది, చూడ్డానికి ఏ లోపమూ కనిపించదు. ఎకరాకు 5 క్వింటాళ్ల చొప్పున కంది 5000 క్వింటాళ్లు, నూటికి 70 పప్పు దిగితే 3500. తప్పు లెక్కలో ఇవి 4400, 3080 అవుతాయి. ఒక పేజీలో ఒకటి, ఇంకో పేజీలో మరొకటి పడితే మేనేజరు దేన్నీ నమ్మడు.

అందుకే రైతులు, ఎకరాలు, దిగుబడి, పప్పు శాతం ఒకే పట్టికలో పెట్టి, మిగతా అంకెలన్నీ అందులోంచే తీయాలి. ఒకచోట క్వింటాళ్లు, మరోచోట టన్నులు వద్దు. పంట ఏడాదినీ స్పష్టంగా రాయండి: వానాకాలంలో విత్తిన కంది అమ్మకానికి వచ్చేసరికి క్యాలెండర్ మారిపోతుంది, కిస్తీ తేదీలు దాన్నిబట్టే ఉండాలి.

దిగుబడిని 5 క్వింటాళ్లుగా ఎందుకు తీసుకున్నారో చెప్పే వాక్యాన్ని మాత్రం ఎంత కుదించినా తీయకండి. వానలు తగ్గిన ఏడు మొదట అడిగేది దాని గురించే. సాఫు ప్రతి ఇచ్చేముందు ఒకరు అంకెలు పైకి చదవండి, ఇంకొకరు పట్టికలో టిక్కు పెట్టండి.