దోమ వచ్చే వేళకే సూది

బోదకాలు పరీక్ష రిపోర్టు ఎవరైనా తెచ్చి చూపిస్తే నేను మొదట ఫలితం చూడను. రక్తం ఎన్ని గంటలకు తీశారో చూస్తాను. చాలా రిపోర్టుల్లో ఆ సంగతే ఉండదు. కొన్నింట్లో ఉదయం పదకొండు అని ఉంటుంది, కింద 'మైక్రోఫైలేరియా కనిపించలేదు' అని రాసి ఉంటుంది. పగలు పదకొండింటికి కనిపించకపోవడంలో వింతేమీ లేదు. అదే మనిషి దగ్గర అదే రోజు అర్ధరాత్రి ఒక చుక్క తీసి చూస్తే నాలుగైదు కనిపించవచ్చు.

గోదావరి జిల్లాల్లో రాత్రి రక్త సర్వేలకు తిరిగిన రోజుల్లో మాకు ప్రతి వీధిలోనూ ఒకటే గొడవ. "పగలంతా ఇంట్లోనే ఉంటాం గదండీ, అప్పుడొచ్చి తియ్యకూడదా?" అనేవారు. "పగలు పురుగు దొరకదు మామ్మగారూ" అంటే, "దొరక్క ఎక్కడికి పోద్ది బాబూ, ఒంట్లోనే గదా ఉండేది!" అని నిలదీసేవారు. వాదించడానికి వీల్లేని ప్రశ్న అది. సరిగ్గా ఈ ప్రశ్నే వైద్యశాస్త్రాన్ని కూడా చాలాకాలం వేధించింది.

బోదకాలు తెచ్చే పురుగు వుకరేరియా బాంక్రాఫ్టి. పెద్ద పురుగులు శోషరస నాళాల్లో ఏళ్ళ తరబడి ఉంటాయి. అవి కనే పిల్లలే మైక్రోఫైలేరియాలు. మిల్లీమీటరులో పావు వంతు పైచిలుకు పొడవుండే ఈ పిల్లలు రక్తంలో తిరుగుతాయి గాని, రక్తంలో ఉన్నంతకాలం పెరగవు. పెరగాలంటే దోమ కడుపులోకి చేరాలి. అక్కడ పది పన్నెండు రోజులు గడిపాకే మరో మనిషికి అంటుకునే దశకు వస్తాయి. దోమ నోట పడకపోతే ఎక్కడివక్కడ చచ్చిపోతాయి. వాటి బతుకంతా దోమ ఎప్పుడు కుడుతుందన్న దాని మీదే ఆధారపడి ఉంది.

మన మురుగు కాలవల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పుట్టే క్యూలెక్స్ దోమ రాత్రి మనుషులు పడుకున్నాక కుడుతుంది. దాని జోరు అర్ధరాత్రికి అటూ ఇటూ ఎక్కువ. మన దగ్గరి మైక్రోఫైలేరియా చర్మం కింది సన్నని నాళాల్లోకి వచ్చేదీ అప్పుడే. సుమారుగా రాత్రి పది నుంచి రెండు దాకా దాని వేళ. తెల్లవారేసరికి వేలి చివర రక్తంలో దాదాపు మాయమవుతుంది.

ఈ సంగతి మొదట పట్టినవాడు పాట్రిక్ మాన్సన్. చైనాలోని అమోయ్ రేవులో డాక్టరుగా ఉంటూ, దోమ కడుపులో ఈ పురుగు ఎదుగుతుందని 1877లో చూశాడు. ఆ తర్వాత మనుషుల రక్తాన్ని రాత్రింబవళ్ళు గంటల లెక్కన పరీక్ష చేయించి, పురుగుల సంఖ్య సాయంత్రం నుంచి పెరిగి అర్ధరాత్రికి శిఖరానికి చేరి పొద్దుటికి పడిపోతుందని తేల్చాడు. ఆ కబురు లండన్ చేరినప్పుడు, పురుగులు గడియారాలు పెట్టుకు తిరుగుతున్నాయా అని పెద్దలు వెటకారం చేశారని చెప్పుకుంటారు. పగలు ఇవి ఎక్కడుంటాయో కూడా చివరికి మాన్సనే చూశాడు. ఒంట్లో ఫైలేరియా ఉన్న ఒక మనిషి ఉదయం పూట చనిపోతే, శవాన్ని కోసి చూసినప్పుడు ఊపిరితిత్తుల నాళాల్లో అవి గుంపులుగా కనిపించాయి. మామ్మగారి ప్రశ్నకు జవాబు అదే. పగలు అవి ఊపిరితిత్తుల్లో ఆగి ఉంటాయి.

ఎందుకు ఆగుతాయన్న దాని మీద ఇరవయ్యో శతాబ్దం నడుమ ఫ్రాంక్ హాకింగ్ ఎక్కువ పని చేశాడు. ఊపిరితిత్తుల్లోకి వచ్చే రక్తానికీ బయటికి పోయే రక్తానికీ మధ్య ప్రాణవాయువు తేడా పగలు ఎక్కువ, రాత్రి తక్కువ. తేడా ఎక్కువగా ఉన్నప్పుడు పురుగు అక్కడే నిలదొక్కుకుంటుంది, తగ్గాక పట్టు వదిలి రక్తంతో పాటు ఒళ్ళంతా తిరుగుతుందని ఆయన వివరణ. రాత్రివేళ మనిషి చేత ఆక్సిజన్ పీల్పిస్తే వేలి రక్తంలో పురుగుల సంఖ్య పడిపోవడం దీనికి బలమైన ఆధారం.

అంటే పురుగుకు చీకటీ తెలియదు, గంటలూ తెలియవు. దానికి తెలిసేది మన ఒంటి లయ. 1881లో లండన్‌లో స్టీఫెన్ మెకంజీ తన రోగిని పగలు నిద్రపుచ్చి, రాత్రి మేలుకొలిపి ఉంచితే, కొద్ది రోజుల్లో మైక్రోఫైలేరియాలు కూడా తలకిందులై పగలు రావడం మొదలుపెట్టాయి. రాత్రి సర్వేకు వెళ్ళేవాళ్ళు మరవకూడని విషయం ఇది. నైట్ వాచ్‌మన్, రొట్టెల బట్టీలో తెల్లవార్లూ పనిచేసే కుర్రాడు, నెలంతా రాత్రి షిఫ్టే చేసే నర్సు, వీళ్ళ అర్ధరాత్రి రక్తం మామూలు మనిషి మిట్టమధ్యాహ్నపు రక్తంలా ఉండవచ్చు. సూది గుచ్చే ముందు "మీరు ఎప్పుడు పడుకుంటారండీ?" అని అడగాలి. నిన్ననే అమెరికా నుంచి దిగిన మనిషైనా అంతే. ఒళ్ళు ఇక్కడి రాత్రికి అలవాటు పడ్డాకే ఇక్కడి రాత్రి రక్తం పనికొస్తుంది.

వేళ చెప్పేది మన ఒళ్ళే అయినా, ఏ వేళకు బయటికి రావాలన్నది తరతరాలుగా దోమే తేల్చింది. ఆ ఊరి దోమ కుట్టే సమయానికి చర్మం దగ్గర ఉన్న పురుగులకే సంతానం సాగింది. దోమ మారిన చోట వేళ కూడా మారడం చూస్తే ఇది తెలుస్తుంది. నికోబార్‌లోని నాంకౌరీ దీవుల్లో ఇదే వుకరేరియాను పగటిపూట కుట్టే అడవి ఈడిస్ దోమ మోస్తుంది. అక్కడి మైక్రోఫైలేరియాలు పగలు కూడా రక్తంలో ఉంటాయి. పసిఫిక్‌లోని సమోవా, తాహితీ దీవుల్లో పగటి ఈడిస్ దోమలదే రాజ్యం కాబట్టి, అక్కడ రోజంతా కనిపిస్తూ మధ్యాహ్నం తర్వాత ఇంకా ఎక్కువవుతాయి. పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవుల్లోని లోవా లోవా పురుగును క్రిసాప్స్ అనే జాతి ఈగ పగలు కుట్టి మోస్తుంది. దాని కోసం రక్తం తీయాల్సింది పగలు పది నుంచి రెండు దాకా. మన బోదకాలు పురుగుకు రాత్రి ఏ గంటలో, దీనికి పగలు అవే గంటలు. ఆఫ్రికాలో కాంట్రాక్టు పనికి పోయి తిరిగొచ్చిన మనిషికి ఫైలేరియా అనుమానం ఉంటే పగలోసారి, రాత్రోసారి తీయక తప్పదు.

ఇక వేళ ఎంత తేడా చేస్తుందో లెక్క వేసి చూద్దాం. మా పద్ధతిలో వేలి చివర గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి, 20 ఘనపు మిల్లీమీటర్ల రక్తం గాజు పలక మీద మందంగా పూస్తాం. ఒక మనిషి ఒంట్లో అర్ధరాత్రి మిల్లీలీటరుకు 50 మైక్రోఫైలేరియాలు ఉన్నాయనుకుందాం. అప్పుడు మన పూతలోకి సగటున ఒకటి వస్తుంది. సగటున ఒకటి అంటే ప్రతిసారీ ఒకటి రావడం కాదు. సంభావ్యత లెక్క ప్రకారం వందసార్లు తీస్తే 37 సార్లు ఒక్కటీ రాదు. మూడు పూతలు, అంటే 60 ఘనపు మిల్లీమీటర్లు తీస్తే ఆ 37 కాస్తా 5కు దిగుతుంది.

అదే మనిషి దగ్గర రాత్రి ఎనిమిదిన్నరకు పురుగులు ఇందులో మూడో వంతే ఉన్నాయనుకోండి. ఒక్క పూత తీస్తే వందకు 72 సార్లు తప్పిపోతాం. మూడు పూతలు తీస్తే 37 సార్లు. అంటే తొందరపడి తీసిన మూడు పూతలు అర్ధరాత్రి తీసిన ఒక్క పూతతో సమానం. పగలు నూరో వంతే ఉన్నాయనుకుంటే మూడు పూతలు తీసినా 97 సార్లు వట్టిచేతులే. పురుగులు మిల్లీలీటరుకు మూడు వేలున్న మనిషైతే ఎనిమిదిన్నరకు తీసినా దొరికిపోతాడు. వేళ తప్పితే జారిపోయేది కొద్దిపాటి పురుగులున్నవాళ్ళే. ఏటేటా డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగించిన ఊళ్ళలో చివరికి మిగిలేది వాళ్ళే. వ్యాధి తగ్గిన ఊళ్ళో సర్వే ఇంకా ఆలస్యంగా మొదలుపెట్టాలి గాని, తొందరగా ముగించుకోకూడదు.

నియమం ప్రకారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి పన్నెండు దాకా తీయవచ్చు. ఇది పురుగుకూ ఊరికీ మధ్య కుదిరిన రాజీ. పన్నెండు దాటాక తలుపు తీసేవాళ్ళు తక్కువ. మంచి జట్టు ఏం చేస్తుందంటే, ఎనిమిదిన్నరకు వీధిలోకి వెళ్ళి పేర్లు రాసుకుంటూ, మాట కలుపుతూ గడిపి, పది దాటాక సూది తీస్తుంది. పూతల్ని రాత్రంతా ఆరబెట్టేటప్పుడు మూత పెట్టకపోతే చీమలు, బొద్దింకలు రక్తాన్ని తినేస్తాయి. పొద్దున్న పూతలో చిల్లులు కనిపిస్తే ఆ స్లైడులో లేదన్న మాటకు విలువ లేదు. ఆరిన పూతను నీళ్ళలో ముంచి ఎరుపు పోగొట్టి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా చూడాలి. ఒంటి చుట్టూ తొడుగు ఉండి, తోక చివర చుక్కలు లేకపోతే అది వుకరేరియా. కేరళ వైపు కనిపించే బ్రూజియా అయితే తోక చివర రెండు చుక్కలుంటాయి.

పగలే తేల్చే ఉపాయాలు లేకపోలేదు. వంద మిల్లీగ్రాముల డీఈసీ మాత్ర మింగించి అరగంట నుంచి గంట లోపు రక్తం తీస్తే, మందు దెబ్బకు పురుగులు పగలే బయటికి వస్తాయి. అయితే లోవా ఉన్న మనిషికి ఈ మందు ప్రమాదం, కాబట్టి ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ మీద ఇది వాడకూడదు. వేలి రక్తాన్ని స్ట్రిప్ మీద వేసే ఎఫ్‌టీఎస్ పరీక్షకు పగలూ రాత్రీ తేడా లేదు. అది పట్టేది పెద్ద పురుగు వదిలే పదార్థాన్ని. పెద్ద పురుగు వేళలు పాటించదు. కానీ మైక్రోఫైలేరియాలు పోయాక కూడా ఆ స్ట్రిప్ చాలాకాలం గీత చూపిస్తూనే ఉంటుంది. దోమకు ఇప్పుడు ఎవరి నుంచి పురుగు అందుతోందో అది చెప్పలేదు. ఆ సంగతి రాత్రి పూతే చెప్పాలి. కాలు బాగా వాచిపోయిన చాలామందిలో ఆ పూత కూడా ఖాళీగానే ఉంటుంది. అంటించేది ఎక్కువగా పైకి ఏ వాపూ లేకుండా తిరిగే మనిషే.

అందుకే రిపోర్టు రాసే కుర్రాళ్ళకు నేను చెప్పేది మూడు మాటలే. రక్తం ఎన్ని గంటలకు తీశారో రాయండి. ఎంత తీశారో రాయండి. ఆ మనిషి మామూలుగా ఎప్పుడు పడుకుంటాడో అడిగి అదీ రాయండి. ఈ మూడూ లేకుండా 'కనిపించలేదు' అని రాస్తే, పురుగు లేదో, మనమే వేళ కాని వేళ వెళ్ళామో చదివే డాక్టరుకు తెలియదు.