కనిపించని ఖాళీ

మా అపార్ట్‌మెంట్‌లో ఉండే రిటైర్డ్ మాస్టారు పెన్షన్ వివరాలు చూసుకునే యాప్ తెరవలేక నా దగ్గరికి వచ్చారు. పాస్‌వర్డ్ ఆయనకు నోటికి వచ్చు, ఫోన్‌లో కూడా రాసి పెట్టుకున్నారు. అయినా యాప్ ఒప్పుకోలేదు. అది gutthivankaya లాంటి మాట అనుకోండి, పదమూడు అక్షరాలు.

నోట్స్‌లో దాన్ని రాసుకున్నప్పుడు కీబోర్డ్ రెండు పనులు చేసింది. వాక్యం మొదలవుతోందని g ని G చేసింది. ఆయన సగం టైప్ చేసి, పైన వరసలో కనిపించిన పూర్తి మాటను నొక్కగానే, తర్వాతి మాట కోసం చివర ఒక ఖాళీ కూడా చేర్చింది. ఉత్తరం రాసేటప్పుడు ఈ రెండూ మేలే చేస్తాయి. ఆయన మాత్రం దాన్ని కాపీ చేసి పాస్‌వర్డ్ గడిలో పేస్ట్ చేశారు.

కన్ను గుర్తు నొక్కి చూస్తే పెద్ద G కనిపించింది. దిద్దారు. మళ్లీ తప్పే అంది. చాలామంది ఆశ వదులుకునేది ఇక్కడే. ఒక తప్పు దొరికి, దిద్దాక కూడా తలుపు తెరుచుకోకపోతే, పాస్‌వర్డే మరిచిపోయామని నమ్మేస్తారు. చివరి ఖాళీ కన్ను గుర్తు నొక్కినా కనబడదు. దాన్ని పట్టుకోవాలంటే చుక్కలు లెక్కపెట్టాలి: పదమూడు ఉండాల్సిన చోట పద్నాలుగు ఉంటాయి. లేదా గడి చివర వేలు పెట్టి, కర్సర్ ఆఖరి అక్షరానికి ఆనుకుని ఉందో, కాస్త ఎడంగా ఉందో చూడాలి. ఒక్కసారి చెరిపితే చాలు.

‘ఒక్క అక్షరమే తేడా’ అని యాప్ ఎందుకు చెప్పదని మాస్టారు అడిగారు. న్యాయమైన ప్రశ్న. పద్ధతిగా నడిచే సర్వర్ దగ్గర మన పాస్‌వర్డ్ ఉండదు. దాన్నుంచి లెక్కగట్టిన హ్యాష్ మాత్రమే ఉంటుంది. ఒక్క ఖాళీ చేరినా ఆ హ్యాష్ మొత్తం మారిపోతుంది కాబట్టి, దాదాపు సరైనదీ పూర్తిగా తప్పుదీ సర్వర్‌కు ఒకేలా కనిపిస్తాయి.

అలాగని చేయగలిగింది లేకపోలేదు. చుక్కలు కనిపించే గడిలో ఫోన్లు సాధారణంగా తమంతట తాము పెద్దక్షరం వేయవు. కన్ను గుర్తు నొక్కితే అది మామూలు గడిగా మారే వెబ్ పేజీల్లో మాత్రం ఆ అలవాటు తిరిగి రావచ్చు. autocapitalize="none" అని రాస్తే ఆగుతుంది. ఆ చిన్న మాట రాయకపోవడం నా దృష్టిలో తయారుచేసినవాళ్ల నిర్లక్ష్యమే. సర్వర్ వైపు కూడా దారి ఉంది. 2016లో డ్రాప్‌బాక్స్ లాగిన్‌లను పరిశీలించిన పరిశోధకులు, విఫలమైన ప్రయత్నాల్లో దాదాపు 10 శాతానికి సులువుగా దిద్దగల కొద్దిరకాల టైపింగ్ పొరపాట్లే కారణమని తేల్చారు. టైప్ చేసింది సరిపోకపోతే సర్వర్ మొదటి అక్షరం మార్చి ఒకసారి, చివరి ఖాళీ తీసి ఇంకోసారి హ్యాష్ లెక్కగట్టి పోల్చుకోవచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ మార్గదర్శకాలు కూడా ఈ పాటి వెసులుబాటుకు అనుమతిస్తున్నాయి. మొదట ఉన్నదున్నట్టుగా పోలుస్తుంది కాబట్టి, కావాలనే చివర ఖాళీ పెట్టుకున్నవాళ్లకూ ఇబ్బంది రాదు.