బెలుం గుహలు ఏడు స్లైడ్లలో

అవుకు పక్కనున్న కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహల మీద రెండు వేల మాటల వ్యాసం ఉందనుకుందాం. దాన్ని ఇన్‌స్టాగ్రామ్ క్యారసెల్‌గా మార్చాలి. 20 స్లైడ్ల వరకు పెట్టుకోవచ్చు కదా అని పేరాకొక స్లైడ్ చేస్తే, చదివేవాళ్లు నాలుగోదాని దగ్గరే ఆగిపోతారు. వ్యాసం ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పగలదు. క్యారసెల్ మోయగలిగేది ఒక్క ప్రశ్ననే.

ఇక్కడ ఆ ప్రశ్న: ఈ గుహల్ని నీరు ఎలా తొలిచింది? అది తేలగానే ఏది తీసేయాలో కూడా తేలిపోతుంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాయడం, 1980లలో జర్మన్ అన్వేషకులు లోపల కొలతలు తీయడం మంచి కథలే. కానీ అవి ఈ ప్రశ్నకు జవాబు కావు కాబట్టి మరో క్యారసెల్‌కు దాచాలి. దారి, టికెట్ వివరాలు కింద రాసే క్యాప్షన్‌లోకి వెళ్తాయి.

మిగిలింది ఏడు స్లైడ్లకు సరిపోతుంది: ప్రశ్న, పైన కనిపించే చదును నేల, రాతిని కరిగించే నీరు, వెడల్పైన సొరంగాలు, కరిగిన సున్నం మళ్లీ పేరుకున్న కోటిలింగాలు, అడుగున పాతాళగంగ, చివర పొడవు.

అసలు కష్టం వాక్యం కుదించేటప్పుడు వస్తుంది. వ్యాసంలో ఇలా ఉంది: "వాననీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని స్వల్పంగా ఆమ్లమై, పగుళ్లలోంచి దిగుతూ, లక్షల ఏళ్లపాటు సున్నపురాతిని కరిగించింది." దీన్ని "నీరు రాతిని కరిగించింది" అని కుదిస్తే కారణం పోయింది, కాలమూ పోయింది. "మట్టిలోని వాయువుతో వాననీరు కాస్త ఆమ్లమైంది. లక్షల ఏళ్లు సున్నపురాతిని కరిగించింది" అంటే రెండూ నిలిచాయి. పోయింది పగుళ్ల ముచ్చట ఒక్కటే, దాన్ని బొమ్మ చూపిస్తుంది.

పొడవు స్లైడ్‌లో ఇంకా జాగ్రత్త కావాలి. "దేశంలోనే అతి పొడవైన గుహలు" అన్న మాట ఆకట్టుకుంటుంది, కానీ నిజం కాదు. మేఘాలయలో ఇంతకంటే చాలా పొడవైనవి ఉన్నాయి. "పర్యాటకులకు తెరిచినవాటిలో" అన్న మాట బరువుగా తోచినా ఉండాల్సిందే. అలాగే 3,229 మీటర్లు గుహల మొత్తం పొడవు. సందర్శకులు నడిచేది సుమారు కిలోమీటరున్నర. మొదటి అంకె ఒక్కటే పెడితే అంతా నడవొచ్చనుకుని వస్తారు.

అన్నీ అయ్యాక స్లైడ్ల వరుస మార్చేసి, ఒక్కొక్కటి విడిగా చదవాలి. "అందుకే", "ఇవి" అంటూ మొదలైన స్లైడ్ ముందుదాని మీద ఆనుకుని ఉందన్నమాట. "అందుకే ఇవి ఏర్పడ్డాయి" అని ఉంటే "కరిగిన సున్నం పేరుకుని కోటిలింగాలు ఏర్పడ్డాయి" అని మార్చాలి. ఎవరైనా ఆ ఒక్క స్లైడ్‌నే స్క్రీన్‌షాట్ తీసి పంపినా అర్థం చెడకూడదు.