ఎనిమిది గంటల పని, రెండు ఖరీదులు

రెండు జాబ్ కార్డులు పక్కపక్కన పెట్టుకుని చూద్దాం. మొదటిది పోతపోసి వచ్చిన ఒక వాల్వ్ బాడీ. అది వీఎంసీ మీద 12 గంటలు ఉంటుంది. రెండు మిషన్లకు ఒక ఆపరేటరే కాబట్టి కార్డులో అతని సమయం 6 గంటలే పడుతుంది. తర్వాత అసెంబ్లీలో మరో 2 గంటలు. రెండోది చిన్న గేర్‌బాక్సు. దాని భాగాలు చాలావరకు బయట కొన్నవే. మిషన్ మీద ఒక గంట, అంటే ఆపరేటర్ సమయం అరగంట. మిగతా ఏడున్నర గంటలూ ఫిట్టర్లు బెంచి దగ్గర కూర్చి, బిగించి, తిప్పి చూడటమే. ఏ కార్డు తీసుకున్నా మనుషుల గంటలు కూడితే 8 వస్తాయి.

బాలానగర్, జీడిమెట్ల షాపుల్లో నేను చూసిన కాస్టింగ్ షీట్లు చాలావాటిలో ఈ రెండు జాబుల మీదా ఓవర్‌హెడ్ ఒకటే పడుతుంది. కారణం, ఫ్యాక్టరీ మొత్తానికి ఒకటే రేటు. ఏడాది ఓవర్‌హెడ్ అంతా కూడి, మొత్తం లేబర్ గంటలతో భాగిస్తారు. ఒక ఫ్యాక్టరీ లెక్కనే చెబుతాను, అంకెలు మాత్రం సులువు కోసం గుండ్రం చేశాను. ఓవర్‌హెడ్ 1 కోటి 20 లక్షలు, లేబర్ గంటలు 40,000. గంటకు 300 రూపాయలు. వాల్వ్ బాడీకి 2,400, గేర్‌బాక్సుకూ 2,400.

ఇప్పుడు ఆ కోటీ ఇరవై లక్షలు ఎక్కడ ఖర్చయ్యాయో చూడాలి. అందులో 90 లక్షలు మిషన్ షాపువి. వీఎంసీల తరుగుదల, కరెంటు, ఇన్సర్టులు, కూలెంటు, స్పిండిల్ మరమ్మతులు అన్నీ అక్కడే. అసెంబ్లీకి అయ్యేది 30 లక్షలే. అక్కడున్నవి బెంచీలు, చేతి పనిముట్లు, ఒక చిన్న క్రేను, సూపర్‌వైజర్ జీతం. కానీ 40,000 లేబర్ గంటల్లో 30,000 అసెంబ్లీవి, మిషన్ షాపువి 10,000 మాత్రమే. ఖర్చులో ముప్పాతిక భాగం ఒక పక్క, గంటల్లో ముప్పాతిక భాగం ఇంకో పక్క. రెండింటినీ కలిపి తీసిన 300 అనే సగటు ఈ రెండు చోట్లలో దేనిదీ కాదు.

రేట్లు విడిగా కట్టి చూద్దాం. మిషన్ షాపులో డబ్బు తినేది మిషను, మనిషి కాదు. కాబట్టి అక్కడ మిషన్ గంటే కొలత కావాలి. ఏడాదికి 20,000 మిషన్ గంటలు. 90 లక్షలను వాటితో భాగిస్తే గంటకు 450. అసెంబ్లీలో పని మనుషుల చేతుల మీద నడుస్తుంది కాబట్టి లేబర్ గంటే సరైన కొలత. 30 లక్షలను 30,000తో భాగిస్తే గంటకు 100. ఈ రేట్ల మీద వాల్వ్ బాడీకి 12 మిషన్ గంటలకు 5,400, అసెంబ్లీకి 200, మొత్తం 5,600. గేర్‌బాక్సుకు 450, 750 కలిపి 1,200. ఇన్నాళ్లూ రెండింటికీ 2,400 వేసుకుంటూ వచ్చారు.

చాలామంది రేటు విడదీయడాన్ని ముఖ్యమనుకుని, ఏ గంటలతో భాగించాలన్న దాన్ని పట్టించుకోరు. మిషన్ షాపుకు వేరే రేటు పెట్టి, దాన్ని మళ్లీ లేబర్ గంటల మీదే వేసే షీట్లు నేను చూస్తూనే ఉంటాను. ఒక ఆపరేటర్ అన్నివేళలా రెండు మిషన్లే చూస్తుంటే అదీ సరిపోతుంది. కానీ ఒక జాబుకు ఒక మిషన్ మీదే నిలబడి, మరో జాబుకు మూడు మిషన్లు చూసుకున్నాడంటే ఆ లెక్క మళ్లీ తప్పుదారి పడుతుంది.

ఈ తేడా ఏళ్ల తరబడి బయటపడకపోవడానికి కారణం ఉంది. గంటలు అనుకున్నట్టే నడిచినంతకాలం ఏ రేటు వాడినా జాబుల మీదకు ఎక్కే మొత్తం అదే కోటీ ఇరవై లక్షలు. లాభనష్టాల ఖాతా మారదు. ఏడాది చివర చేతిలో మిగిలిన స్టాకు విలువలో కొంత తేడా రావచ్చు, అంతే. తప్పంతా ఒక జాబుకూ ఇంకో జాబుకూ మధ్య ఉంటుంది. దాన్ని ముందుగా పట్టేది ఆడిటరు కాదు, మార్కెట్టు.

రెండు జాబులకూ సరుకు 3,000, కూలి గంటకు 150 చొప్పున 1,200 అనుకుందాం. పాత షీటు ప్రకారం రెండింటి ఖరీదూ 6,600. దాని మీద 20 శాతం వేసి 7,920కి కొటేషన్ ఇస్తారు. వాల్వ్ బాడీ అసలు ఖరీదు 9,800. ఒక్కో దాని మీద 1,880 పోగొట్టుకుంటున్నారు, ఆర్డర్లేమో వరదలా వస్తున్నాయి. గేర్‌బాక్సు అసలు ఖరీదు 5,400. మిషన్లు లేకుండా నాలుగు బెంచీలతో నడిచే చిన్న షాపు దాన్ని 6,500కి ఇచ్చి హాయిగా లాభం చూసుకుంటుంది. మీ సేల్స్ మనిషి షీటులో 6,600 చూసి, 6,500కి ఇస్తే నష్టమని వెనక్కి వస్తాడు.

ఏడాది తిరిగేసరికి ఏమవుతుందో చూడండి. గేర్‌బాక్సులు చేజారి అసెంబ్లీ గంటలు 30,000 నుంచి 20,000కు పడ్డాయి. మిషన్ షాపు మాత్రం నిండుగా నడిచింది. మొత్తం 30,000 గంటల మీద 300 చొప్పున 90 లక్షలే జాబుల మీదకు ఎక్కాయి. పని తగ్గినందువల్ల అసెంబ్లీ ఖర్చు ఓ 4 లక్షలు తగ్గిందనుకున్నా అసలు ఓవర్‌హెడ్ 1 కోటి 16 లక్షలు. 26 లక్షలు ఏ జాబు మీదకూ ఎక్కకుండా మిగిలిపోయాయి. దీన్ని సరిచేయడానికి వచ్చే ఏడాది రేటు పెంచుతారు: 1 కోటి 16 లక్షలను 30,000తో భాగిస్తే దాదాపు 387. ఆ పెంపు రెండు జాబుల మీదా ఒకేలా పడినా, ఇప్పటికే ధర ఎక్కువైన గేర్‌బాక్సుకే గట్టిగా దెబ్బ తగులుతుంది, మిగిలిన ఆర్డర్లూ పోతాయి. అదే విడి రేట్లుండి ఉంటే మిషన్ షాపు 90 లక్షలూ ఎక్కేవి. అసెంబ్లీలో 26 లక్షలకు 20 లక్షలు ఎక్కి, లోటు 6 లక్షలుగా, ఏ డిపార్ట్‌మెంటులో పని లేక వచ్చిందో తెలిసేలా కనిపించేది.

ఆ 6 లక్షలను కూడా మరుసటి ఏడాది జాబుల మీదకు తోయకూడదు. మన అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 అయినా, కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ ఇచ్చిన సీఏఎస్-3 అయినా, స్థిర ఓవర్‌హెడ్‌ను మామూలు సామర్థ్యం మీదే పంచమంటాయి. ఖాళీగా ఉన్న బెంచి ఖర్చు ఆ ఏడాది ఖాతాకు వెళ్లాలి, పనిచేసిన జాబుకు కాదు.

ఒకే రేటు ఎక్కడైనా తప్పే అనను. తేడా రావాలంటే రెండూ జరగాలి: డిపార్ట్‌మెంట్ల రేట్లలో పెద్ద అంతరం ఉండాలి, జాబులు వాటి గుండా వేర్వేరు పాళ్లలో నడవాలి. అన్ని జాబులూ మిషన్ దగ్గరా బెంచి దగ్గరా ఒకే పాళ్లలో సమయం గడిపితే ఒకే రేటు సరైన జవాబే ఇస్తుంది. ఒకే రకం పంపు ఏడాదంతా చేసే షాపుకు విడి రేట్ల శ్రమ అక్కర్లేదు. మీ షాపు ఏ రకమో తెలుసుకోవాలంటే గత మూడు నెలల కార్డులు తీసి, ఒక్కో జాబుకు మిషన్ గంటలనూ మొత్తం లేబర్ గంటలనూ పక్కపక్కన రాయండి. ఆ నిష్పత్తి వాల్వ్ బాడీకి ఒకటిన్నర, గేర్‌బాక్సుకు ఎనిమిదో వంతు వస్తోందంటే ఇక సందేహం లేదు. ఇంకో పరీక్ష కూడా ఉంది. లేబర్ గంటకు 300, రెండు మిషన్లకు ఒక మనిషి అంటే, మీ షీటు ప్రకారం వీఎంసీ గంట ఓవర్‌హెడ్ 150 మాత్రమే. అదే మిషన్ మీద జాబ్‌వర్క్‌కు బయట గంటకు ఎంత అడుగుతున్నారో ఫోన్ చేసి కనుక్కుంటే సరిపోతుంది.

రేట్లు విడదీసేటప్పుడు చిక్కంతా ఉమ్మడి ఖర్చుల దగ్గరే. అద్దె చదరపు అడుగుల మీద, కరెంటు వీలైతే సబ్ మీటరు మీద పంచవచ్చు. మెయింటెనెన్స్ వాళ్ల సమయాన్ని వాళ్ల లాగ్‌బుక్కే చెబుతుంది. టూల్ రూమ్ మెయింటెనెన్స్‌కు పనిచేస్తుంది, మెయింటెనెన్స్ టూల్ రూమ్‌కు పనిచేస్తుంది. దీన్ని సమీకరణాలతో తేల్చే పద్ధతి ఉంది కానీ, మధ్యతరహా షాపులో దానివల్ల రేటు నాలుగైదు రూపాయలు మారితే గొప్ప. ఆ ఓపికను మిషన్ గంటలు సరిగ్గా రాయించడం మీద పెట్టమంటాను. షిఫ్టు చివర గుర్తున్నంత రాసిన కార్డు మీద ఏ రేటు వేసినా ప్రయోజనం లేదు.

మిషన్ షాపు లోపల కూడా ఇదే గొడవ ఉంటుంది. కొత్త ఫైవ్ యాక్సిస్ మిషనూ, తరుగుదల అంతా తీరిపోయిన పాత లేతూ ఒకే 450లో కలిసి ఉంటే లేతు పనికి అన్యాయం జరుగుతుంది. ఇంగ్లండుకు చెందిన ఇంజినీరు అలెగ్జాండర్ హామిల్టన్ చర్చ్ 1901లోనే దీన్ని పట్టుకుని, ఒక్కో మిషన్‌నూ సొంత అద్దె కట్టే చిన్న షాపుగా లెక్కగట్టమన్నాడు. నా సలహా కొంచెం తక్కువ: ఖరీదైన మిషన్లు ఒక గుంపు, మామూలువి ఒక గుంపు. మిషన్ షాపులో రెండు రేట్లుంటే చాలావాటికి చాలు.

కొత్త లెక్క చూపించాక ఆ ఫ్యాక్టరీ ఓనరు గారు వెంటనే అడిగారు, “అయితే వాల్వ్ బాడీలు మానేద్దామంటారా?” వద్దన్నాను. గంటకు 450లో దాదాపు 300 తరుగుదల, అద్దె, జీతాలు. ఆర్డరు వదిలేసినంత మాత్రాన అవి ఆగవు. నిజంగా ఆగేవి కరెంటు, ఇన్సర్టుల వంటి 150. అసెంబ్లీ గంటకైతే 30. అంటే 7,920 నుంచి సరుకు, కూలి 4,200, మిషన్ మీద 1,800, అసెంబ్లీలో 60 తీసేస్తే ఇంకా 1,860 చేతికొస్తుంది. మిషన్ ఖాళీగా ఉంటే అది వదులుకోకూడని డబ్బు. కానీ 12 గంటలతో భాగిస్తే గంటకు 155. అదే మిషన్ మీద గంటకు 350 తెచ్చే ఇంకో జాబు గుమ్మంలో ఉంటే వాల్వ్ బాడీ పక్కకు జరగాలి. డిపార్ట్‌మెంటు రేటు చెప్పేది ధర చివరికి ఎక్కడికి చేరాలన్నది. ఈ నెల ఏ ఆర్డరు వదలాలో దాన్ని బట్టి తేల్చకూడదు.

ధరను 7,920 నుంచి ఒక్కసారిగా 11,760కి పెంచితే ఏ కస్టమరూ నిలవడు. కాబట్టి ఆ 12 గంటల మీద పడ్డాం. ఫిక్స్చర్ మారిస్తే రెండు ముఖాలూ ఒకే సెట్టింగులో అయిపోతాయని సెట్టర్ చాలాకాలంగా అంటున్నాడట. 3 మిషన్ గంటలు మిగులుతాయి. పాత షీటులో ఆ ఆదా గంటన్నర లేబర్ మీద 450 ఓవర్‌హెడ్‌గానే కనిపించేది. ఫిక్స్చర్ ఖర్చుకు అది చాలదని ఆ ప్రతిపాదన రెండుసార్లు వెనక్కి వెళ్లింది. కొత్త రేటు మీద అదే ఆదా 1,350, దానికి తోడు కూలిలో 225. ఖరీదు 9,800 నుంచి 8,225కి దిగింది. దాని మీద 20 శాతం వేసి, 9,870ని రెండు విడతల్లో అందుకునేలా కొత్త రేట్ కాంట్రాక్టు రాశారు. ఫిక్స్చర్‌కు ఆర్డరు ఆ వారమే టూల్ రూమ్‌కు వెళ్లింది.